సుగామో కార్డు మీద 56, తెనాలిలో 38

డిసెంబరు మూడో వారం, గురువారం సాయంత్రం. నా ఫోన్‌కి వరసగా నాలుగు ఫొటోలు వచ్చాయి. వాటి కింద ఒకే ఒక్క వాక్యం: "అక్కా, అమ్మకి 38 అంటే ఇందులో ఏది? ఇంకో అరగంటలో షాపు కట్టేస్తారు."

పంపింది టోక్యోలో మా నిషి కసాయ్‌లోనే, మాకు రెండు బిల్డింగుల అవతల ఉండే తెనాలి అబ్బాయి. ఆదివారం పొద్దున ఇండియా ఫ్లైట్. సుగామో వెళ్లి అమ్మానాన్నలకి షాపింగ్ పెట్టుకున్నాడు. టోక్యోలో కుర్రకారు బట్టలకి హరాజుకు వెళ్తారు. సుగామోలోని జిజో వీధిని మాత్రం బామ్మల హరాజుకు అంటారు. వీధి పొడుగునా పెద్దవాళ్ల స్వెటర్లు, వాకింగ్ షూస్, మెత్తటి చెప్పులే. పెద్ద మాల్స్‌లో అయితే ప్రింటు చేసిన ఇంగ్లీష్ చార్ట్ దొరుకుతుంది. ఇక్కడ చాలా షాపుల్లో సైజులు చేత్తో రాసిన కార్డు మీదే ఉంటాయి, అదీ జపనీస్‌లో. మన వాళ్లు ఇబ్బంది పడేది అక్కడే.

నేను విశాఖ దగ్గర ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్లు క్వాలిటీ చెకింగ్ చేశాను. పొద్దున్నించి సాయంత్రం దాకా టేపు పట్టుకుని, స్పెక్ షీట్‌లో రాసిన కొలతకీ టేబుల్ మీదున్న బట్టకీ తేడా ఎంతో చూడటమే పని. మా ఆయన ఉద్యోగంతో ఇక్కడికి వచ్చాక ఆ అలవాటు ఇలా పనికొస్తోంది. ఊరెళ్లే ముందు చార్ట్‌ల ఫొటోలు నాకు పంపని ఇల్లు మా చుట్టుపక్కల తక్కువే. ఈ తెనాలి కేసు పూర్తిగా రాయడానికి కారణం, ఇందులో తప్పులు జరగాల్సిన చోట్లన్నీ ఒకేసారి వచ్చాయి. ఒకటి నేనూ చేశాను.

అతను కొనాలనుకున్నవి మూడు. అమ్మకి ముందు బొత్తాలున్న ఊలు కార్డిగన్. ధనుర్మాసం కదా, తెల్లవారుజామున తిరుప్పావైకి గుడికి వెళ్తుంది, ఆ మంచులో చీర మీద వేసుకోవడానికి. నాన్నకి వాకింగ్ షూస్. అక్క కూతురికి ఒక గౌను. గౌను సంగతి ఒక్క ముక్కలో తేలిపోయింది. జపాన్ పిల్లల బట్టల మీద 110, 120, 130 అని ఉండేది పిల్ల ఎత్తు, సెంటీమీటర్లలో. వయసుతో సంబంధం లేదు, మన షాపుల్లో గౌనుకి చెప్పే 24, 26 లతోనూ సంబంధం లేదు. పాప ఎత్తు 113 అన్నాడు. 120 తీసుకోమన్నాను. అంతే.

కార్డిగన్ దగ్గర అసలు కథ మొదలైంది.

మొదటి ఫొటో ఏటవాలుగా తీశాడు. ట్యూబ్‌లైట్ వెలుగు ప్లాస్టిక్ కవర్ మీద పడి మధ్య కాలమ్‌లో ఒక అంకె సగం మాసిపోయింది. 50 అనుకుంటే 50, 56 అనుకుంటే 56. చేతిరాతలో 0, 6 ఎప్పుడూ తగువే. ఇలాంటప్పుడు నేను పక్క అంకెలు చూస్తాను. ఏ కంపెనీ అయినా సైజు సైజుకీ ఒకే మెట్టు చొప్పున పెంచుతుంది. ఇటు 53, అటు 59 ఉన్నాయి. మూడు మూడు పెరిగితే మధ్యలో 56 ఉండాలి, 50 పొసగదు. అయినా ఊహ మీద కొనిపించలేను కాబట్టి, కార్డుకి ఎదురుగా నిలబడి, ఫ్లాష్ ఆపేసి, నాలుగు మూలలూ కనిపించేలా మళ్లీ తీయమన్నాను. మూలలు ఎందుకంటే, సన్న అక్షరాల నోట్లు ఉండేది అక్కడే. రెండో ఫొటోలో 56 స్పష్టంగా కనిపించింది.

కార్డులో రెండు పట్టికలున్నాయి. పైన చిన్నది, కింద పెద్దది. రెండూ కలిపి రాస్తే ఇలా ఉంటాయి, అన్నీ సెంటీమీటర్లే:

| సైజు | ఛాతీ | కితాకే | మిహబా | యుకితాకే |
|---|---|---|---|---|
| ఎల్ | 86–94 | 57 | 53 | 73 |
| ఎల్‌ఎల్ | 93–101 | 58.5 | 56 | 74.5 |
| 3ఎల్ | 100–108 | 60 | 59 | 76 |

ముందు సైజు పేర్లు. జపాన్ షాపుల్లో ఎక్స్‌ఎల్ బదులు ఎల్‌ఎల్ అని, ఆపైన 3ఎల్, 4ఎల్ అని రాయడం మామూలు. ఎల్‌ఎల్ అంటే ఎల్‌కి రెట్టింపు కాదు, ఎల్ తర్వాతి సైజు, అంతే. మన అబ్బాయి మాత్రం, అమ్మ కాస్త ఒళ్లున్న మనిషి, జపాన్ వాళ్లేమో సన్నగా ఉంటారు కాబట్టి అన్నింటికన్నా పెద్దది తీసుకుంటే గొడవ ఉండదని 3ఎల్ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. మళ్లీ ఎల్‌ఎల్ అంకెలు చూసి బెంబేలెత్తాడు. "56 సెంటీమీటర్లంటే 22 అంగుళాలేగా అక్కా, అమ్మకి 38. పైగా చెయ్యి 74.5 సెంటీమీటర్లట, అంటే 29 అంగుళాల పైనే. ఇదేం స్వెటర్, ఒళ్లు బొమ్మకి, చేతులు రాక్షసుడికి కుట్టినట్టుంది."

నవ్వొచ్చింది కానీ అతను చెప్పిన అంకెల్లో తప్పు లేదు. ఆ అంకె దేని కొలతో తెలియకపోవడమే తప్పు. ఫ్యాక్టరీలో మేం నేర్చుకున్న మొదటి పాఠం అదే. ఒక సైజు చార్ట్‌లో ఉన్న అంకె మనిషిది కావచ్చు, బట్టది కావచ్చు. మనిషి కొలతల్ని ఇక్కడ నూడో అంటారు, అంటే బట్ట లేకుండా ఒంటి కొలత. కుట్టిన బట్ట కొలతల్ని షియగారి అంటారు. అక్షరాలు చదవడం రాకపోయినా పట్టుకోవడానికి ఒక దారి ఉంది. 93 నుంచి 101 దాకా అన్నట్టు రెండు అంకెల మధ్య అలలాంటి గీత ఉంటే అది దాదాపు ఎప్పుడూ ఒంటి కొలతే. ఆ ఛాతీ ఉన్నవాళ్లకి ఈ సైజు అని అర్థం. ఒంటరిగా ఒక్క అంకె, ముఖ్యంగా పక్కన అరలు, పావులు కనిపిస్తే అది బట్ట కొలత. మనిషి సైజు ఒక శ్రేణిగా ఉంటుంది. కుట్టిన స్వెటర్‌కి మాత్రం ఒకటే కొలత.

కితాకే అంటే బట్ట పొడవు. ఇక మిహబా. స్వెటర్‌ని టేబుల్ మీద పరిచి, బొత్తాలు పెట్టి, ఈ చంక కింద నుంచి ఆ చంక కింద దాకా అడ్డంగా టేపు పెడితే వచ్చే అంకె అది. మా ఫ్యాక్టరీ భాషలో హాఫ్ చెస్ట్. చుట్టుకొలత కావాలంటే రెండుతో గుణించాలి. 56ని రెట్టింపు చేస్తే 112, అంటే 44 అంగుళాలు. ఇది చెప్పగానే అతను రెండో వైపుకి పడ్డాడు: "అమ్మో, 38కి 44 అయితే ఆరంగుళాలు వదులు, గోనెసంచిలా ఉంటుంది!" ఇక్కడ చాలామంది మళ్లీ ఒక సైజు తగ్గించి కొంటారు. తీరా ఇంటికెళ్లాక బొత్తాలు పట్టవు.

38 అనేది వాళ్లమ్మ, అదే పిన్నిగారి ఒంటి కొలత. తెనాలిలో వాళ్ల టైలర్ జాకెట్టుకి తీసుకున్నది. జాకెట్టు ఒంటిని పట్టి ఉండాలి కాబట్టి ఒంటి కొలతకి దగ్గరగానే కుడతారు. స్వెటర్ సంగతి వేరు. దాని కింద జాకెట్టు ఉంటుంది, దాని మీద భుజం మీదుగా మడతలు పెట్టిన పైట ఉంటుంది, చేతులు ఎత్తినప్పుడు లాగేయకుండా మరికొంత జాగా కావాలి. అందుకని నేను 38ని పక్కన పెట్టేశాను. తెనాలిలో ఉన్న వాళ్ల చెల్లెల్ని వీడియో కాల్‌లోకి తెమ్మన్నాను. అమ్మకి చీర మీద బాగా కుదిరే పాత స్వెటర్ ఒకటి ఉందా అని అడిగాను. ఉంది, ఆరేడేళ్ల నాటి మెరూన్ రంగుది. దాన్ని మంచం మీద కాకుండా డైనింగ్ టేబుల్ మీద పరవమన్నాను. పరుపు మీద పరిస్తే బట్ట కుంగిపోయి ఒకట్రెండు సెంటీమీటర్లు మాయమవుతాయి. బొత్తాలన్నీ పెట్టించి, సాగదీయకుండా చేత్తో మెల్లగా సర్ది కొలిపించాను. చంక నుంచి చంకకి 57 వచ్చింది.

అంటే పిన్నిగారికి అలవాటైన వదులు చుట్టూ 114. ఎల్‌ఎల్ 112, 3ఎల్ 118. అల్లిన బట్టకి రెండు సెంటీమీటర్ల తేడా లెక్కలోకి రాదు. చేతిరాత కార్డు మూలన ఉన్న నోటు కూడా అదే చెప్పింది, పరిచి కొలిచినందున ఒకటి రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ ఉండవచ్చని. పై పట్టికలో ఒంటి కొలత ప్రకారం చూసినా 38 అంగుళాలంటే 96.5 సెంటీమీటర్లు, సరిగ్గా ఎల్‌ఎల్ మధ్యలో పడుతుంది. రెండు దారుల్లో వెళ్లినా ఒకే చోటికి చేరితే నాకు ధైర్యం. చేరకపోతే నేను పాత స్వెటర్ మాటే వింటాను.

మనకి తెలిసిన సైజులో చెప్పమంటే దీన్ని ఏమనాలి? ఇదే కాస్త చిక్కు. మన కుర్తీల మీద మామూలుగా 42ని ఎక్స్‌ఎల్, 44ని డబుల్ ఎక్స్‌ఎల్ అంటారు. ఆ అంకె చాలా కంపెనీల్లో కుర్తీ కొలత, కొన్నింటిలో ఒంటి కొలత. బట్ట కొలత లెక్కన ఈ ఎల్‌ఎల్ మన డబుల్ ఎక్స్‌ఎల్. ఒంటి లెక్కన చూస్తే 38 ఛాతీ ఆవిడకి సరిపోయేది. ఒకే స్వెటర్‌కి రెండు జవాబులు! అందుకే నేను అక్షరాన్ని అక్షరంగా మార్చి చెప్పను. "మెరూన్ స్వెటర్ కన్నా చుట్టూ అరంగుళం పైన తక్కువ, పొడవు అంగుళం తక్కువ" అని పంపాను. వాళ్లమ్మకి అర్థమయ్యే సైజు అదే.

కార్డు మీద పెద్ద అక్షరాలతో ఇంకో మాట ఉంది, యుత్తారి. వదులుగా, హాయిగా ఉంటుందని అర్థం. ఇది చూసి కొందరు ఒక సైజు తగ్గిస్తారు. ఎవరికి వదులు అన్నది చూసుకోవాలి. పల్చటి బ్లౌజు మీద ఈ కార్డిగన్ వేసుకునే జపాన్ బామ్మకి ఛాతీ 97 అనుకుంటే, 112 అంటే పదిహేను సెంటీమీటర్ల వదులు, యుత్తారియే. పిన్నిగారికి జాకెట్టు, పైట మీదుగా టేపు పెట్టించి చూస్తే 40 అంగుళాలు వచ్చింది, దగ్గరదగ్గర 101.5. అంటే మిగిలింది పది. వాళ్ల వదులు మనకి సరిగ్గా సరిపోవడం అయింది. చీర మీద వేసే దేనికైనా కార్డు మీది ఫిట్ మాటల్ని ఒక మెట్టు బిగువుగా చదువుకోవాలి.

ఇక ఆ రాక్షసుడి చెయ్యి. యుకితాకే అనేది భుజం నుంచి చేతి పొడవు కాదు. మెడ వెనక మధ్యలో పొడుచుకొచ్చే ఎముక ఉంటుంది కదా, అక్కడ మొదలుపెట్టి భుజం మీదుగా మణికట్టు దాకా కొలిచేది. కిమోనో కుట్టే రోజుల నుంచీ ఉన్న కొలత. ఈ కార్డిగన్‌కి భుజం దగ్గర అడ్డకుట్టు లేదు, మెడ నుంచి చంకకి ఏటవాలుగా కుట్టిన రాగ్లాన్ చెయ్యి. భుజం ఎక్కడ అయిందో తెలియనప్పుడు భుజం వెడల్పు, చేతి పొడవు విడిగా రాయలేరు, అందుకే ఈ ఒక్క కొలత ఇచ్చారు. పోల్చడానికి మన కొలతలనీ కలపాలి. పిన్నిగారి జాకెట్టు భుజం 37, అందులో సగం 18.5. భుజం చివర నుంచి మణికట్టుకి 54. మొత్తం 72.5. ఎల్‌ఎల్‌లో 74.5, అంటే రెండు సెంటీమీటర్లు ఎక్కువ, ముంజేతి దగ్గర ఒక్క మడత. 3ఎల్‌లో అయితే మూడున్నర. అరచేతి మీదికి దిగుతుంది, హారతి పళ్లెం పట్టుకున్నప్పుడల్లా పైకి లాక్కోవాలి. రాగ్లాన్ కావడం నిజానికి అదృష్టం. మన ఆడవాళ్లకి ఛాతీ ఒక సైజు అడిగితే భుజం అంతకన్నా చిన్న సైజు అడగడం నేను తరచూ చూస్తాను. మామూలు కుట్టు చెయ్యి అయితే ఎల్‌ఎల్‌లో భుజం కిందికి జారి వేలాడేది.

కార్డులో లేనిది అంచు వెడల్పు. చీర కట్టుకున్నప్పుడు నడుం కింద కుచ్చిళ్లు, లంగా, బొడ్డు దగ్గర దోపుడు కలిపి ఒంటి కొలత కన్నా బాగా పెరుగుతాయి. పిన్నిగారికి చీర మీద పిరుదుల దగ్గర 44 అంగుళాలు, అంటే 112. కార్డిగన్ 58.5 పొడవు కాబట్టి ఐదడుగుల ఒక అంగుళం మనిషికి అంచు సరిగ్గా ఆ పైభాగంలోనే ఆగుతుంది. షాపులో ఉన్నావిడని అడిగి అంచు అడ్డంగా కొలిపించమన్నాను. సుగామోలో ఈ పని ఎవరూ విసుక్కోరు, టేపు మెడలోనే ఉంటుంది. 55 వచ్చింది, చుట్టూ 110. అల్లిక అంచు కాకుండా తిన్నటి అంచు, సాగదు. కింది రెండు బొత్తాలు వదిలేస్తే సరి. అది ముందే చెప్పి పంపాను, లేకపోతే అక్కడ అమ్మ "బిగుతురా" అంటుంది, కొడుకు మనసు చిన్నబుచ్చుకుంటాడు.

షూస్ వివరాలు శుక్రవారం తేల్చుకున్నాం.

నాన్నగారు నలభై ఏళ్లుగా 8 నంబరు వేస్తారు. అబ్బాయి ఎక్కడో పట్టిక చూశాడు, 8 అంటే 27 సెంటీమీటర్లు. ఇంకో పట్టికలో 26.5. ఏది నమ్మాలన్నది అతని టెన్షన్. రెండూ నిజమే కావచ్చు. మనం వాడే నంబర్లు ఇంగ్లండు లెక్కవి, నంబరు నంబరుకీ మధ్య అంగుళంలో మూడో వంతు, అంటే ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. జపాన్‌వి అర సెంటీమీటరు మెట్లు. రెండు నిచ్చెనల మెట్లు ఒకదానికొకటి ఎదురుపడవు, ప్రతి కంపెనీ దగ్గర్లో ఉన్న మెట్టుకి సర్దేస్తుంది. అంతకన్నా పెద్ద తేడా ఇంకోటుంది. ఇంగ్లండు నంబరు షూ కుట్టే అచ్చు పొడవు నుంచి వచ్చింది. జపాన్ ప్రమాణం ప్రకారం షూ మీద రాసే సెంటీమీటర్లు పాదం పొడవు. వేళ్ల ముందు ఉండాల్సిన ఖాళీని షూ చేసేవాడే కలిపేసి ఉంటాడు. దాని మీద మనం మళ్లీ ఒక సెంటీమీటరు కలిపితే షూ పడవ అవుతుంది.

కాబట్టి పట్టికలు వద్దు, పాదం కావాలి. గోడకి మడమ ఆనించి కాగితం మీద నిలబెట్టి గీయమని చెల్లెలికి చెప్పాను. శుక్రవారం పొద్దున్నే పంపింది, 25.0. నాకు అనుమానం వచ్చింది. 25.0 పాదానికి 8 నంబరు వేస్తే ముందు రెండు వేళ్ల ఖాళీ ఉండాలి, నలభై ఏళ్లు ఎవరు వేస్తారు అలా? ఆ గీత ఫొటో తీసి పంపమన్నాను. మడమ దగ్గర గీత పాదం కిందికి దూరినట్టు లోపలికి వంగి ఉంది. పెన్సిల్ ఏటవాలుగా పట్టింది. పైగా నాన్నగారు కుర్చీలో కూర్చుని పేపరు చదువుతుండగా గీసిందట. బరువు పడని పాదం పొట్టిగా, సన్నగా కొలతకొస్తుంది. సాయంత్రం నడక నుంచి రాగానే నిలబెట్టి, పెన్సిల్ నిటారుగా పట్టి మళ్లీ గీసింది. ఎడమది 25.3, కుడిది 25.6. రెండు పాదాల్లో పెద్దదే లెక్క. బొటనవేలి కన్నా పక్క వేలు పొడుగైతే అక్కడిదాకా కొలవాలి, ఈయనకి అంతే.

ఇంకో కొలత అడిగాను, బొటనవేలి మొదట్లో పొడుచుకొచ్చే కీలు, చిటికెన వేలి కీలు, ఈ రెండింటి మీదుగా పాదం చుట్టూ టేపు తిప్పితే ఎంత? నిలబడే ఉండాలి, టేపు తాకాలి కానీ నొక్కకూడదు. 258 మిల్లీమీటర్లు.

షూ కార్డు మీద 25.0 నుంచి 27.0 దాకా సెంటీమీటర్లు, పక్కన 3ఈ అని ఉంది. ఈ ఇంగ్లీష్ ఈ అక్షరాలు పాదం చుట్టుకొలతని చెప్తాయి. ఒక ఈ పెరిగితే చుట్టూ ఆరు మిల్లీమీటర్లు పెరుగుతుంది. అయితే 3ఈ అన్నది ఒకే వెడల్పు కాదు, పొడవుతో పాటు మారుతుంది, పొడవు అర సెంటీమీటరు పెరిగితే చుట్టూ మూడు మిల్లీమీటర్లు. మగవాళ్ల పట్టికలో 25.5 పాదానికి 3ఈ అంటే 258. 26.5 పాదానికి 2ఈ అన్నా అదే 258!

ఇది చూడగానే నాన్నగారి నలభై ఏళ్ల 8 నంబరు రహస్యం బయటపడింది. ఆయన పాదం పొడవుకి కావాల్సింది 7. కానీ 7లో వెడల్పు చాలదు, చిటికెన వేలు నొక్కుకుంటుంది. మన షాపుల్లో మామూలుగా వెడల్పు అడిగే ఏర్పాటు ఉండదు కాబట్టి సేల్స్‌మన్ పెద్ద నంబరు ఇస్తాడు. పొడవు పెరిగితే వెడల్పూ వస్తుంది, ముందు ఖాళీ ఉన్నా సర్దుకుంటారు. మన పాదాలు ఇంగ్లండు అచ్చుల కన్నా వెడల్పు అన్నది చెప్పులు కొనే ప్రతివాళ్లకీ అనుభవమే. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ ఈ మధ్య దేశమంతటా పాదాలు కొలిచి, మనకంటూ ఒక సైజు పద్ధతి తయారు చేసే పనిలో పడింది కూడా అందుకే. అది వచ్చేదాకా ఇంట్లో 8 అన్న మాటని పొడవుగా నమ్మడానికి లేదు. అబ్బాయి పట్టిక చూసి 27 కొని ఉంటే, పైగా 3ఈ, నాన్నగారి కాలు అందులో ఈదేది.

25.6కి పైనున్న మెట్టు 26.0. 26.0లో 3ఈ అంటే 261, మూడు మిల్లీమీటర్లు ఎక్కువ, పల్చటి సాక్సు తీసేసుకుంటుంది. లేసులు కాబట్టి బిగించుకోవచ్చు. తేలిపోయిందనుకున్నాం. అప్పుడు కార్డు కింద ఎర్ర ఇంకుతో ఒక నోటు: పెద్దగా వస్తుంది, మామూలుగా వేసే సైజు కన్నా అర సెంటీమీటరు తగ్గించండి.

ఈ నోటుతో నాకు పాత పేచీ ఉంది. నాలుగేళ్ల కిందట మా మామగారికి కొన్నప్పుడు ఇలాంటి నోటే చూసి, కొలిచిన పాదం పొడవులోంచి అర తగ్గించాను. వారం నడిచేసరికి బొటనవేలి గోరు నల్లబడింది. ఆయన నాతో అనలేదు, అత్తయ్యగారు చెప్పారు. ఆ నోటులో మామూలుగా వేసే సైజు అంటే ఏమిటో నేను అడగలేదు. ఇక్కడ చాలామంది మామూలుగా వేసేది స్పోర్ట్స్ షూస్. వాటి మీదున్న సెంటీమీటర్లు ఎక్కువసార్లు అమెరికా నంబరుని మార్చి వేసినవి, అందుకే జనం పాదం కన్నా అరో, ఒకటో పెద్దది వేస్తారు. 25.5 పాదం మనిషి, నేను 26.5 వేస్తాను అంటాడు. అతన్ని అర తగ్గించమంటే 26.0 అవుతుంది, ఇంకా పాదం కన్నా పెద్దదే. కొలిచిన పాదం నుంచి మొదలుపెట్టిన మనం ఇంకా తగ్గిస్తే వేళ్లు ముడుచుకోవాలి. ఆ నోటు షూ నంబరు తెలిసి వచ్చినవాళ్లకి. పాదం గీసి తెచ్చినవాళ్లకి కాదు. అబ్బాయితో శనివారం షాపులో అడిగించాను. షాపు పెద్దాయన కాగితం మీది గీతని చూసి, దాని మీద షూ పెట్టి చూపించి, 26.0 అన్నాడట.

ఏ షూ మీది సెంటీమీటర్లు పాదానివో, ఏవి మార్చి వేసినవో ఎలా తెలుస్తుందంటే, చాలావరకు డబ్బా చూస్తే చాలు. సెంటీమీటర్ల పక్కన ఈ, 2ఈ, 3ఈ ఉంటే జపాన్ ప్రమాణం ప్రకారం రాసింది. అమెరికా, ఇంగ్లండు, యూరప్ నంబర్లతో పాటు వరసలో నాలుగోదిగా సెంటీమీటర్లు ఉంటే అది మార్చిన అంకె, ఆ కంపెనీ చార్ట్‌లో అది పాదమో, లోపలి పొడవో విడిగా చూసుకోవాలి.

ఆదివారం ఫ్లైట్ ఎక్కాడు. మంగళవారం తెనాలి నుంచి వీడియో కాల్ వచ్చింది. షూస్ వేసుకుని నాన్నగారు వరండాలో అటూ ఇటూ నడిచారు. "ముందు ఖాళీ లేదమ్మా, బిగుతేమో అనుకున్నాను, వేళ్లు కదులుతున్నాయి" అన్నారు. నలభై ఏళ్లు ఖాళీకి అలవాటు పడ్డ మనిషికి సరైన సైజు మొదట బిగుతుగానే అనిపిస్తుంది. మడమ లేస్తోందా అని అడిగాను. లేదన్నారు. పాప గౌను మోకాలు దాటి రెండంగుళాలు, వచ్చే ఏడాదికీ పనికొస్తుంది.

పిన్నిగారు కార్డిగన్ వేసుకుని కెమెరా ముందు నిలబడ్డారు. ఛాతీ దగ్గర బొత్తాలు లాగలేదు, కింది రెండూ వదిలేశారు, చెయ్యి ఒక మడత. నేను లోలోపల నా వీపు నేనే తట్టుకుంటున్నాను. ఆవిడ హారతి తీసుకున్నట్టు చెయ్యి పైకెత్తారు. "అంతా బాగుందమ్మా, జబ్బల దగ్గరే కాస్త పట్టేస్తోంది. జాకెట్టు చెయ్యి లోపల ముడుచుకుపోతోంది."

జబ్బ చుట్టుకొలత నేను అడగలేదు. కార్డులో ఆ అంకె లేదు, లేదు కాబట్టి నాకు గుర్తుకీ రాలేదు. జపాన్ కార్డుల్లో చెయ్యి వెడల్పు రాసేవాళ్లు తక్కువ, రాస్తే సొదెహబా అని ఉంటుంది, అదీ పరిచి కొలిచిన సగమే. పిన్నిగారి జబ్బ 14 అంగుళాలు, అంటే 35.5. దాని మీద జాకెట్టు చెయ్యి. పరిచి కొలిస్తే చెయ్యి కనీసం 19, 20 ఉండాలి. అక్కడే కొలిపించిన ఈ కార్డిగన్‌ది 17.5. అల్లిక సాగుతుంది కాబట్టి తొడుక్కోగలిగారు, కానీ హాయిగా లేదు. రాగ్లాన్ చేతిని కుట్టు విప్పి వదులు చేయడానికి లోపల బట్ట ఉండదు, తెనాలి టైలర్ కూడా అదే చెప్పాడు. 3ఎల్ కొని ఉంటే జబ్బ కుదిరేదేమో. చెయ్యి పొడవూ, ఛాతీ వదులూ పోయేవి.

ప్రస్తుతానికి ఆవిడ దాన్ని పొట్టి చేతుల పల్చటి జాకెట్ల మీదే వేసుకుంటున్నారు. నేను ఫొటో అడిగినప్పుడు పంపే మెసేజ్‌లో ఒక వాక్యం చేరింది: "చీర మీదికైతే, షాపులో చంక కింద చెయ్యి అడ్డంగా కొలిపించి ఆ అంకె కూడా పంపండి."